√(2+√(2+√2…)) విలువ 2 అని రాసేసే ముందు: కొన్ని అపోహలు, వాస్తవాలు

డిగ్రీ పిల్లలకు రియల్ అనాలిసిస్ చెబుతాను. జవాబు పత్రాలు దిద్దేటప్పుడు ప్రతిసారీ ఈ లెక్క దగ్గర ఆగిపోతాను, ఎందుకంటే దాదాపు అందరికీ జవాబు వస్తుంది, రుజువు మాత్రం చాలామంది పేపర్లలో ఉండదు. లెక్క ఇది: a₁ = √2, ఆ తర్వాత ప్రతిసారీ ముందు పదానికి 2 కలిపి వర్గమూలం తీయాలి, అంటే aₙ₊₁ = √(2 + aₙ). విలువలు 1.4142, 1.8478, 1.9616, 1.9904, 1.9976… ఇలా వస్తాయి. ఈ అనుక్రమం అభిసరిస్తుందని చూపించి, అవధి కనుక్కోవాలి.

అపోహ: మొత్తాన్ని x అనుకుంటే x = √(2+x), అంటే x² − x − 2 = 0, కాబట్టి x = 2. లెక్క అయిపోయింది.

అవ్వలేదు. "మొత్తాన్ని x అనుకుందాం" అన్నప్పుడే అవధి ఉందని ఒప్పేసుకున్నాం, అడిగిన ప్రశ్నలో సగం అదే కదా. ఒకవేళ అవధి ఉంటే అది ఏది అయ్యుండాలో మాత్రమే సమీకరణం చెబుతుంది, ఉందో లేదో చెప్పదు.

దీనికి నేను క్లాసులో ఎప్పుడూ చూపించే ఉదాహరణ ఒకటుంది. అదే సంబంధాన్ని తిరగేయండి: bₙ₊₁ = bₙ² − 2. ఇక్కడ కూడా అవధిని x అనుకుంటే x² − x − 2 = 0 అనే వస్తుంది, అక్షరం కూడా తేడా లేదు. ఇప్పుడు 2కి బాగా దగ్గరగా 1.9తో మొదలుపెట్టి చూడండి. 1.61, 0.5921, −1.6494, 0.7206, −1.4808, 0.1927… ఎక్కడా కుదురుకోదు. 3తో మొదలుపెడితే 7, 47, 2207 అంటూ హద్దు లేకుండా పోతుంది. సమీకరణం ఒకటే, ఒక అనుక్రమం అభిసరిస్తోంది, ఇంకోటి అభిసరించడం లేదు. అంటే అభిసరణకు కారణం ఆ సమీకరణంలో లేదు, వేరే చోట వెతకాలి.

అపోహ: పదాలు పెరుగుతున్నాయి, పక్కపక్క పదాల మధ్య తేడా తగ్గుతోంది, కాబట్టి అభిసరిస్తుంది.

√1, √2, √3, √4… తీసుకోండి. ఇదీ పెరుగుతుంది, తేడా కూడా తగ్గుతుంది (√100 నుంచి √101కి తేడా 0.05 కూడా ఉండదు), అయినా అనంతానికి పోతుంది. కావలసింది ఎగువ హద్దు. ఆరోహణ అనుక్రమానికి ఎగువ హద్దు ఉంటే అది అభిసరించి తీరుతుంది. ఇది వాస్తవ సంఖ్యల సంపూర్ణత్వం నుంచి వచ్చే సిద్ధాంతం, మన రుజువు దీనిమీదే నిలబడుతుంది.

ముందు హద్దు చూపించండి, ఇండక్షన్‌తో రెండు లైన్లు. a₁ = √2 < 2. aₙ < 2 అయితే 2 + aₙ < 4, కాబట్టి aₙ₊₁ < 2. ఇప్పుడు పెరుగుదల:

aₙ₊₁² − aₙ² = 2 + aₙ − aₙ² = (2 − aₙ)(1 + aₙ)

పదాలన్నీ ధనాత్మకం, 2 కంటే చిన్నవి, కాబట్టి కుడివైపు రెండు కారణాంకాలూ ధనాత్మకమే, అందుకే aₙ₊₁ > aₙ. హద్దు ముందు చూపించమన్నది ఇందుకే, ఈ పద్ధతిలో పెరుగుదల రుజువు దాన్నే వాడుకుంటుంది. చాలా పేపర్లలో ఈ లైను హద్దు చూపించకముందే ఉంటుంది, అప్పుడు (2 − aₙ) గుర్తు ఎలా తెలిసిందో చెప్పలేరు.

ఇప్పుడు అవధి L ఉందని తెలిసింది కాబట్టి aₙ₊₁² = 2 + aₙ లో రెండు వైపులా అవధి తీసుకోవచ్చు. aₙ₊₁ కూడా అదే L కి పోతుంది, కాబట్టి L² = 2 + L, అంటే L = 2 లేదా −1. పదాలన్నీ కనీసం √2 ఉన్నాయి కాబట్టి అవధి కూడా కనీసం √2 ఉండాలి, −1 కుదరదు. ఈ ఒక్క వాక్యం రాయకుండా −1ని ఊరికే కొట్టేస్తే మార్కు పోతుంది, పోవాలి కూడా.

అపోహ: ఎగువ హద్దు 2 కాబట్టి అవధి 2.

3 కూడా ఎగువ హద్దే. aₙ < 3 అయితే aₙ₊₁ < √5 < 3, ఇండక్షన్ హాయిగా నడుస్తుంది. అంతమాత్రాన అవధి 3 అవ్వదు కదా. పెరుగుదలతో కలిసి హద్దు అవధి ఉందని మాత్రమే తేలుస్తుంది, దాని విలువ సమీకరణం నుంచి రావాలి.

అపోహ: √2తో మొదలుపెట్టాం కాబట్టే 2 వచ్చింది.

7తో మొదలుపెట్టండి: 3, 2.2361, 2.0582, 2.0145, 2.0036. ఈసారి పైనుంచి దిగుతూ అదే 2కి వచ్చింది. −1తో మొదలుపెట్టినా √1 = 1, తర్వాత √3, మళ్లీ 2 వైపే. −2 గానీ అంతకంటే పెద్దది గానీ ఏ సంఖ్యైనా పర్వాలేదు. ఎందుకో చూడాలంటే 2 నుంచి ఎంత దూరంలో ఉన్నామో లెక్కపెట్టాలి:

aₙ₊₁ − 2 = √(2 + aₙ) − 2 = (aₙ − 2) / (√(2 + aₙ) + 2)

హారం ఎప్పుడూ 2కి తగ్గదు, అంటే ఒక్కో మెట్టుకు దూరం సగమో అంతకంటే తక్కువో అవుతుంది. పెరుగుతోందా తగ్గుతోందా అన్న గొడవే లేకుండా పూర్తి రుజువుకు ఇదొక్కటే చాలు, నాకు ఇష్టమైన రుజువు కూడా ఇదే. 2 దగ్గరకు వచ్చేకొద్దీ హారం 4 అవుతుంది కాబట్టి అసలు దూరం ప్రతిసారీ నాలుగో వంతుకు పడిపోతుంది: 0.5858, 0.1522, 0.0384, 0.0096. తిరగేసిన b లో ఇదే నాలుగు రెట్లు పెరుగుతుంది, అందుకే 1.9 అంత దగ్గర నుంచి కూడా పారిపోయింది.

అపోహ: ఇన్ని మూలాల కింద మూలాలు ఉన్న పదానికి సూటిగా సూత్రం ఉండదు.

ఉంది. √2 = 2cos 45°. ఇంటర్‌లో చదివిన 2 + 2cos θ = 4cos²(θ/2) గుర్తుందా, దాని ప్రకారం 2 కలిపి మూలం తీయడమంటే కోణాన్ని సగం చేయడమే. కాబట్టి a₂ = 2cos 22.5°, a₃ = 2cos 11.25°, మొత్తంగా aₙ = 2cos(π/2ⁿ⁺¹). కోణం సున్నాకి పోతుంది, పదం 2కి పోతుంది. b లో జరిగేది దీనికి ఎదురు: (2cos θ)² − 2 = 2cos 2θ, ప్రతిసారీ కోణం రెట్టింపై వృత్తం చుట్టూ తిరుగుతూనే ఉంటుంది. 1.9 అంటే సుమారు 18.2°, తర్వాత 36.4°, 72.8°, 145.6°, అలా.

ఫ్రెంచ్ గణితవేత్త వియెట్ 1593లో ఈ పదాలనే ఒక్కోదాన్ని 2తో భాగించి అన్నింటినీ గుణిస్తే 2/π వస్తుందని ప్రచురించాడు. కాలిక్యులేటర్ తీసి మొదటి నాలుగు పదాలతో చేసి చూడండి: 0.6376 వస్తుంది, 2/π విలువ 0.6366.