గాఢత పెంచితే ఫ్లోరోసెన్స్ పెరుగుతుందా? క్వినైన్ ద్రావణంతో కొన్ని అపోహలు, వాస్తవాలు

ఫ్లోరోసెన్స్ కొలతల గురించి వినిపించే కొన్ని అపోహలను క్వినైన్ సల్ఫేట్ ఆధారంగానే చర్చిస్తాను. పలుచని సల్ఫ్యూరిక్ ఆమ్లంలో కరిగించిన క్వినైన్ 350 నానోమీటర్ల దగ్గర అతినీల లోహిత కాంతిని గ్రహించి, 450 నానోమీటర్ల దగ్గర నీలికాంతిని వెలువరిస్తుంది. 1852లో స్టోక్స్ ఫ్లోరోసెన్స్ అనే ఈ దృగ్విషయాన్ని వివరించినప్పుడు పరిశీలించిన పదార్థాల్లో క్వినైన్ ఒకటి; నేటికీ ప్రయోగశాలల్లో దీన్ని ప్రామాణిక ద్రావణంగా వాడుతున్నారు.

అపోహ: ద్రావణం ఎంత చిక్కగా ఉంటే సిగ్నల్ అంత ఎక్కువగా వస్తుంది.

వాస్తవం: ఇది బాగా పలుచని ద్రావణాలకు మాత్రమే నిజం. సాధారణ ఫ్లోరిమీటరులో దీపపు కాంతి 1 సెంటీమీటరు క్యూవెట్‌లోకి ఒక గోడ గుండా ప్రవేశిస్తుంది. డిటెక్టరు దానికి లంబంగా నిలిచి, క్యూవెట్ మధ్యభాగం నుంచి వచ్చే వెలుగును మాత్రమే చూస్తుంది. అంటే కాంతి మధ్యభాగానికి చేరేలోపు అర సెంటీమీటరు ద్రావణాన్ని దాటాలి, ఆ దారిలోని అణువులే దాన్ని కొంత మింగేస్తాయి. దీన్నే ఇన్నర్ ఫిల్టర్ ఎఫెక్ట్ అంటారు.

350 నానోమీటర్ల దగ్గర క్వినైన్ మోలార్ శోషణ గుణకాన్ని సుమారు 5,700గా తీసుకుని లెక్క వేద్దాం. 10 మైక్రోమోలార్ ద్రావణం అబ్సార్బెన్స్ 0.057, మధ్యభాగానికి దాదాపు 94 శాతం కాంతి చేరుతుంది. 100 మైక్రోమోలార్ దగ్గర అబ్సార్బెన్స్ 0.57 కాగా, చేరేది 52 శాతం మాత్రమే. గాఢత పది రెట్లు పెరిగినా సిగ్నల్ అయిదున్నర రెట్లే పెరుగుతుంది. 1 మిల్లీమోలార్ దగ్గర అబ్సార్బెన్స్ 5.7కు చేరి, మధ్యభాగానికి అందే కాంతి 0.14 శాతానికి పడిపోతుంది. ఈ లెక్క ప్రకారం అక్కడి సిగ్నల్ 10 మైక్రోమోలార్ ద్రావణం ఇచ్చేదానిలో ఆరో వంతు కన్నా మించదు. పరికరం మధ్యబిందువును మాత్రమే కాక కొంత వెడల్పును చూస్తుంది కనుక అసలు అంకెలు కాస్త మారవచ్చు గానీ, వక్రరేఖ తిరగబడి కిందికి దిగడం మాత్రం ఖాయం. ఆ చిక్కటి ద్రావణాన్ని పక్కనుంచి చూస్తే, కాంతి ప్రవేశించే గోడను అంటుకుని సన్నని నీలిపొర మెరుస్తూ, మధ్యభాగం చీకటిగా ఉండడం కంటికే కనిపిస్తుంది. అణువులు వెలగడం మానలేదు, డిటెక్టరు చూడని చోట వెలుగుతున్నాయి.

అపోహ: ఎక్సైటేషన్ స్కాన్ ఎప్పుడూ శోషణ వర్ణపటంలాగే ఉంటుంది.

వాస్తవం: ఎమిషన్ స్కాన్‌లో ఎక్సైటేషన్‌ను 350 దగ్గర నిలిపి, ఉద్గారాన్ని 370 నుంచి 650 వరకు చదువుతాం. ఎక్సైటేషన్ స్కాన్‌లో ఉద్గారాన్ని 450 దగ్గర నిలిపి, దీపపు తరంగదైర్ఘ్యాన్ని మారుస్తూ పోతాం. ద్రావణం పలుచగా ఉండి, దీపపు తీవ్రతలోని హెచ్చుతగ్గులను రిఫరెన్స్ డిటెక్టరుతో సరిచేసినప్పుడే రెండోది శోషణను పోలి ఉంటుంది. పై లెక్క ప్రకారం అబ్సార్బెన్స్ 0.87 దాటిన తరంగదైర్ఘ్యాల దగ్గర సిగ్నల్ తగ్గడం మొదలవుతుంది. అందువల్ల 500 మైక్రోమోలార్ క్వినైన్‌లో 350 దగ్గర శిఖరం ఉండాల్సిన చోట లోయ ఏర్పడి, శోషణ బలహీనంగా ఉన్న అంచుల్లో కొత్త శిఖరాలు పుట్టుకొస్తాయి. వాటిని చూసి ద్రావణంలో మరో పదార్థం ఉందని భావించడం చాలా సాధారణమైన పొరపాటు. పలుచన చేసి మళ్లీ స్కాన్ చేస్తే ఆ శిఖరాలు మాయమవుతాయి.

బాగా పలుచని ద్రావణానికి మరో చిక్కు ఉంది. 350 ఎక్సైటేషన్‌తో, నీటి అణువులు కాంతిని చెదరగొట్టడం వల్ల వచ్చే రామన్ శిఖరం 397 దగ్గర కనిపిస్తుంది. ఎక్సైటేషన్‌ను మారిస్తే దాని స్థానం కూడా మారుతుంది కనుక సులభంగా గుర్తించవచ్చు.

అపోహ: సిగ్నల్ తగ్గిందంటే క్వెంచింగ్ జరిగినట్లే.

వాస్తవం: క్వెంచింగ్‌లో ఉత్తేజిత అణువు కాంతిని వెలువరించకుండానే శక్తిని కోల్పోతుంది. సల్ఫ్యూరిక్ ఆమ్లానికి బదులు హైడ్రోక్లోరిక్ ఆమ్లం వాడితే, క్లోరైడ్ అయాన్ల వల్ల క్వినైన్‌కు జరిగేది ఇదే. అప్పుడు 350 దగ్గరి అబ్సార్బెన్స్ దాదాపు మారదు గానీ ఫ్లోరోసెన్స్ జీవితకాలం తగ్గుతుంది. క్వినైన్‌ను దాని సొంత శోషణే అడ్డుకున్నప్పుడు జీవితకాలం మారదు. జీవితకాలాన్ని కొలిచే పరికరం లేనివారు ద్రావణాన్ని అదే ద్రావకంతో సగానికి పలుచన చేసి చూడాలి: సిగ్నల్ సగం కాకుండా నిలకడగా ఉన్నా, పెరిగినా, ముందుగా అనుమానించాల్సింది ఇన్నర్ ఫిల్టర్ ఎఫెక్ట్‌నే.

అపోహ: దిద్దుబాటు సూత్రం ఉంది కనుక గాఢత గురించి పట్టించుకోనవసరం లేదు.

వాస్తవం: వాడుకలో ఉన్న సూత్రం ఇది:

F_corr = F_obs × 10^((A_ex + A_em)/2)

ఇందులో A_em ఉద్గార తరంగదైర్ఘ్యం దగ్గరి అబ్సార్బెన్స్. క్వినైన్ 450 దగ్గర దాదాపు ఏమీ గ్రహించదు కనుక ఆ పదం సున్నా. ఫ్లోరసీన్ వంటి రంగుల్లో శోషణ, ఉద్గారం ఒకదానిపై ఒకటి పడతాయి కనుక, చిక్కటి ద్రావణంలో ఉద్గార శిఖరపు నీలి అంచు కొరుక్కుపోయి, శిఖరం ఎరుపు వైపు జరిగినట్లు కనిపిస్తుంది. 100 మైక్రోమోలార్ క్వినైన్‌కు ఈ సూత్రం 1.93 రెట్ల దిద్దుబాటు చెబుతుంది, అది నమ్మదగినదే. 1 మిల్లీమోలార్‌కు 700 రెట్లకు పైగా చెబుతుంది. అబ్సార్బెన్స్ కొలతలోని చిన్న దోషం కూడా అంతే పెద్దదవుతుంది కనుక ఆ అంకెను నేను ఏ నివేదికలోనూ రాయను. ఎక్సైటేషన్ దగ్గర అబ్సార్బెన్స్ 0.1 లోపు ఉండేలా పలుచన చేయడమే నా మొదటి ఎంపిక. అక్కడ కూడా దాదాపు 11 శాతం నష్టం ఉంటుంది కనుక కచ్చితమైన పనికి 0.05 మేలు. పలుచన చేయకూడని నమూనాలకు 3 మిల్లీమీటర్ల క్యూవెట్ గానీ, ముందు గోడ నుంచే ఉద్గారాన్ని సేకరించే అమరిక గానీ వాడాలి.