చైనీస్ అక్షరాలు: అపోహలు - వాస్తవాలు

అపోహ: చైనీస్ అక్షరాలన్నీ బొమ్మలే కాబట్టి ఒక్కొక్కదాన్నీ విడిగా కంఠస్థం చేయక తప్పదు.

మాండరిన్ నేర్చుకోవడానికి నా దగ్గరికి వచ్చేవారిలో చాలామంది ఈ మాటతోనే మొదలుపెడతారు. సూర్యుణ్ని సూచించే 日, చెట్టును సూచించే 木 వంటివి బొమ్మల నుంచి పుట్టిన మాట నిజమే కాని, అటువంటివి కొన్ని వందలకు మించవు. మిగిలినవాటిలో అత్యధికం జంట అక్షరాలు. వాటిలో రాడికల్ అనే భాగం అర్థం ఏ కోవకు చెందినదో చెబుతుంది, రెండో భాగం ఉచ్చారణ జాడనిస్తుంది. 1716 నాటి కాంగ్‌షీ నిఘంటువు అక్షరాలన్నింటినీ 214 రాడికల్స్ కింద సర్దింది.

'ఛింగ్' అని పలికే 青 అక్షరాన్ని చూడండి. దీని పక్కన నీటి రాడికల్ చేరితే 清, అంటే తేట. సూర్యుడు చేరితే 晴, అంటే మబ్బులేని ఆకాశం. మాటకు సంబంధించిన రాడికల్ చేరితే 请, అంటే 'దయచేసి'. మనసు రాడికల్ చేరితే 情, అంటే భావోద్వేగం. స్వరస్థాయి మారుతుందే తప్ప నాలుగూ 'ఛింగ్'లే.

అపోహ: శబ్ద భాగం తెలిస్తే ఉచ్చారణ తెలిసినట్టే.

అది జాడ మాత్రమే, హామీ కాదు. ఈ అక్షరాలలో చాలావాటి కూర్పు రెండు వేల ఏళ్ల కిందటే స్థిరపడింది, ఆ తరువాత ఉచ్చారణ మారుతూ వచ్చింది. అందుకే 青 చేరిన 睛 (కనుగుడ్డు) 'చింగ్' అయింది, 猜 (ఊహించు) ఏకంగా 'త్సాయ్' అయింది. చ, ఛ తేడా చిన్ననాడే నేర్చిన తెలుగువారికి ఇందులో మొదటిది కష్టం కాదు.

కష్టం మరోచోట ఉంది. ఒక విద్యార్థిని డిక్టేషన్‌లో 'కన్ను' అనే 眼睛 పదాన్ని 眼晴 అని రాసింది. కంటి రాడికల్ 目లో లోపల రెండు అడ్డగీతలుంటే, సూర్యుడు 日లో ఒక్కటే ఉంటుంది. ఆ ఒక్క గీత జారితే కనుగుడ్డు కాస్తా ఎండకాసే ఆకాశమవుతుంది. 青 చేరిన అక్షరాల కుటుంబమంతా ఒకేరోజు నేర్పడం నా పొరపాటే. ఇప్పుడు 请, 清 వంటివి రెండు మూడు పదాల్లో తారసపడ్డాకే వాటిని ఒక పుటలో చేర్చి రాయిస్తాను. అదీ ఒంటరి అక్షరాలుగా కాక, 请问 (దయచేసి చెప్పండి), 晴天 (మబ్బులేని రోజు) అన్నట్టు పదాలుగా రాయిస్తాను.

అపోహ: ప్రతి భాగానికీ ఒక కథ అల్లితే గుర్తుంటుంది.

'అమ్మ' అనే 妈లో స్త్రీ, గుర్రం ఉన్నాయి కనుక గుర్రంలా చాకిరీ చేసేది అమ్మ అని ఒకరు కథ అల్లారు. నిజానికి గుర్రం 马 ఇక్కడ 'మా' అనే శబ్దం కోసమే ఉంది. ఆ సంగతి తెలిస్తే ప్రశ్నార్థకమైన 吗, తిట్టు అనే 骂 కూడా 'మా' అనే పలుకుతాయని ఊహించవచ్చు; కథ మాత్రం ఒక్క అక్షరంతోనే ఆగిపోతుంది.

కథ అక్కరకొచ్చే చోటూ ఉంది. లిపిని సరళీకరించినప్పుడు 雞 (కోడి), 歡 (సంతోషం), 漢 (హాన్) అక్షరాల్లోని వేర్వేరు భాగాల స్థానంలో 又 అనే ఒకే గుర్తు పెట్టి 鸡, 欢, 汉 అని రాశారు. ఇక్కడ 又 శబ్దాన్నీ చెప్పదు, అర్థాన్నీ చెప్పదు. ఇటువంటివాటిని నేను విడి జాబితాగా ఇచ్చి కథలతో బట్టీ పట్టిస్తాను.