అంటుకున్న లెన్స్‌ను లాగొద్దు, జరపాలి

"కాంటాక్ట్ లెన్స్ తీయకుండానే నిద్రపోయాను. పొద్దున రావడం లేదు. కంటి వెనక్కి జారిపోతుందా?" అని ఒక పాఠకురాలు అడిగారు.

పోదు. తెల్లగుడ్డును కప్పిన పల్చటి పొరే వెనక్కి మడత తిరిగి రెప్ప లోపలి వైపు అవుతుంది. దారి అక్కడితో మూసుకుపోతుంది. అయితే పైరెప్ప కింద ఆ మడత లోతుగా ఉంటుంది. ఇంగ్లండ్‌లోని సోలిహల్‌లో శుక్లం ఆపరేషన్‌కు వచ్చిన 67 ఏళ్ల మహిళ ఒక్క కంట్లో 27 లెన్సులు దొరికాయని అక్కడి వైద్యులు 2017లో రాశారు!

ఇక అంటుకోవడం సంగతి. కడిగి తడిగానే పేర్చిన రెండు స్టీలు ప్లేట్లను విడదీసి చూడండి. నిలువుగా లాగితే రావు, పక్కకు జరిపితే వస్తాయి. మధ్య నీటిపొర ఎంత పలచనైతే అంత గట్టి పట్టు. సందులో కాస్త నీళ్లు పోస్తే పట్టు వదులుతుంది. మెత్తటి లెన్స్‌కూ కంటికీ మధ్య ఆ పొర కన్నీరే. నిద్రలో కన్నీరు తగ్గుతుంది, రెప్పలు కొట్టుకోవు, లెన్స్ ఎండి బిగుసుకుంటుంది. అందుకే తడి పెంచాలి, పక్కకు జరపాలి.

చేతులు సబ్బుతో కడిగి, నూగు అంటని గుడ్డతో పూర్తిగా తుడుచుకోండి. అద్దంలో చూడండి. ఆ కంటితో దూరపు అక్షరాలు స్పష్టంగా కనిపిస్తే లెన్స్ నల్లగుడ్డు మీదే ఉందన్నమాట. మసకగా ఉంటే పక్కకు జారి ఉండొచ్చు, అసలు ఊడిపోయి కూడా ఉండొచ్చు. లేని లెన్స్ కోసం గిల్లితే గీరుకుపోయేది నల్లగుడ్డే.

స్టెరైల్ సెలైన్‌ను కొన్ని సెకన్లపాటు కంట్లో ధారగా వదిలి, రెప్పలు కొట్టండి. కన్ను మూసి రెప్ప మీద నుంచి మెల్లగా నిమరండి. కదలకపోతే కొన్ని నిమిషాలు ఆగి మళ్లీ చేయండి. పైరెప్ప కిందకు జారితే కిందికి చూస్తూ, రెప్ప మీద నుంచి కిందికి నిమరాలి. లెన్స్ స్వేచ్ఛగా కదిలాకే, పైకి చూస్తూ వేలికొనతో తెల్లగుడ్డు మీదికి జరిపి, మెత్తగా చిటికెతో తీయాలి. గట్టి లెన్స్‌నైతే ఇలా చిటికెతో పట్టకూడదు. దాని అంచు పక్కన రెప్ప మీద నుంచి నొక్కితే పట్టు వదులుతుంది.

సెలైన్‌కు బదులు కుళాయి నీళ్లెందుకు వద్దు? సెలైన్‌లో ఉప్పు 0.9 శాతం, దాదాపు కన్నీటిలో ఉన్నంతే. మంచినీళ్లలో అంత ఉప్పు లేదు కనుక మెత్తటి లెన్స్ ఇంకా బిగుసుకుంటుంది. పైగా ఆ నీళ్లలో అకాంతమీబా అనే సూక్ష్మజీవి ఉండొచ్చు, అది చూపునే తినేయగలదు. ఇంట్లో కలిపిన ఉప్పునీళ్లూ శుభ్రమైనవి కావు. పెద్దవాళ్లు చెప్పే చనుబాల చుక్కలు అసలే వద్దు. లెన్సులు నానబెట్టే హైడ్రోజన్ పెరాక్సైడ్ ద్రావణాన్ని సెలైన్ అనుకుని పోస్తే కన్ను మండిపోతుంది, సీసా చదివి తీయండి.

రెండు మూడుసార్లు చేసినా రాకపోతే, లేదా తీశాక కూడా నొప్పి, ఎరుపు, వెలుతురు పడకపోవడం, మసక ఉంటే ఆ రోజే కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి. తీసిన లెన్స్ అంచు చిరిగి ఉంటే దాన్నీ తీసుకెళ్లండి. ఫ్లోరెసిన్ అనే రంగు చుక్క వేస్తే కంట్లో మిగిలిన మెత్తటి ముక్క ఆ రంగు పీల్చుకుని నీలి వెలుగులో ఆకుపచ్చగా మెరుస్తుంది.