పిల్లల బొమ్మలతో గోడ గజిబిజి: నేను రోజూ వినే అపోహలు, చూసే వాస్తవాలు

నల్లగొండలో ఇళ్లు సర్దిపెట్టే పని చేస్తాను. అల్మరాలు, షెల్ఫులు, వంటింటి గూళ్లు, ఇదే నా పని. ఏప్రిల్ నెలాఖరుకు ఫోన్లు పెరుగుతాయి, ఎందుకంటే బడి చివరి రోజు పిల్లలు ఏడాదంతా చేసినవన్నీ ఒక సంచీలో కుక్కుకుని ఇంటికి తెస్తారు, అమ్మానాన్నలకేమో పారేయడానికి చేతులు రావు, పెట్టడానికి చోటుండదు.

ఈ మధ్య హైదరాబాద్ రోడ్డు వైపు ఒక అద్దె ఇంటికి వెళ్లాను. రెండు పడకగదులు, పాప నాలుగో తరగతి, బాబు యూకేజీ. హాల్లోకి అడుగు పెట్టగానే ఫ్రిజ్ మీద, తలుపు మీద, స్విచ్ బోర్డు పక్కన, చివరికి దేవుడి గూటి కింద కూడా బొమ్మలే. టీవీ మీద థర్మకోల్ నాగార్జునసాగర్. "అక్కా, సగం తీసేయమంటరు గదా, అదొక్కటి తప్ప ఏదైనా చెప్పుండ్రి" అంది వాళ్లమ్మ. అన్నీ లెక్కపెడితే గోడల మీద ఉన్నవి 23. ఈ ఇంటినే పట్టుకుని ఒక్కో అపోహ చెప్తాను.

అపోహ: బొమ్మలు ఎక్కువైతే ఇల్లు గజిబిజిగా కనిపిస్తుంది.

ఎక్కువ అవడం అసలు కారణం కాదండీ. ఆ 23 బొమ్మలు తొమ్మిది చోట్ల ఉన్నాయి, ఒక్కోటి ఒక్కో ఎత్తులో, ఒక్కోటి ఒక్కో వంకరలో. ఎటు చూసినా ఏదో ఒకటి వేలాడుతుంటే కళ్లకు ఆగే చోటు దొరకదు. అవే బొమ్మల్లో పది తీసుకుని ఒకే గోడ మీద రెండు వరసల్లో, పై అంచులు కలిసేలా పెడితే చూసేవాళ్లకు ఒకే వస్తువులా కనిపిస్తాయి. అందుకని నేను బొమ్మల సంఖ్య అడగను, గోడ అడుగుతాను. ఆ గోడలో ఎన్ని పడితే అన్నే, కొత్తది రావాలంటే పాతది దిగాలి.

ఆ ఇంట్లో దొరికింది తలుపు చట్రానికీ మూలకూ మధ్య ఉన్న ఏడడుగుల గోడ. అందులో ఆరడుగులు, అంటే 72 అంగుళాలు వాడాం. ఏ4 కాగితం అడ్డంగా పెడితే దాదాపు 11.7 అంగుళాలు, రెంటి మధ్య మూడంగుళాల ఖాళీ. అలా వరసకు ఐదు సరిగ్గా పడతాయి, ఆరోది పట్టదు. నిలువు కాగితాలైతే ఆరు పడతాయి గాని, పిల్లలు ఏ రోజు ఎట్లా గీస్తారో తెలియదు కాబట్టి ఐదే అనుకోవడం మంచిది. ఈ మూడంగుళాల ఖాళీ వదలడానికే అందరికీ ప్రాణం పోతుంది, ఇంకొకటి ఇరికిద్దామని చూస్తారు. ఇరికించిన రోజు నుంచే మళ్లీ మొదటికి వస్తుంది.

ఎత్తు సంగతి కూడా. బొమ్మలు క్లిప్పులతో వేలాడదీయడానికి వరసకొక తీగ పెట్టాం. పై వరస తీగ నేల నుంచి ఐదడుగులకు, కింది వరస తీగ మూడడుగుల ఎనిమిది అంగుళాలకు కట్టాం. రెంటి మధ్య 16 అంగుళాలు ఉంటేనే నిలువు కాగితం పడినా కింది వరసను కప్పేయదు. పై వరస పాపది, కింది వరస బాబుది. వాడి బొమ్మలు వాడి కళ్ల ఎదుటే ఉంటాయి, మార్చేటప్పుడు కుర్చీ ఎక్కే పని లేదు. పెద్దవాళ్ల కంటి ఎత్తుకు పెట్టి, చిన్నోడు పట్టించుకోవట్లేదని బాధపడే ఇళ్లు చాలా చూశాను.

అపోహ: టేప్ అయితే గోడ పాడవదు, మేకు కొడితేనే పాడవుతుంది.

దీనికి నేనే డబ్బు కట్టాను, అందుకే కాస్త గట్టిగా చెప్తున్నాను. నేను అద్దెకున్నప్పుడు మా అబ్బాయి బొమ్మలన్నీ డబుల్ సైడ్ టేపుతో అంటించాను, ఖాళీ చేసేటప్పుడు పీకితే టేపుతో పాటు రంగు, దాని కింది పుట్టీ పొరలు పొరలుగా ఊడొచ్చాయి, 14 చోట్ల. ఇంటి ఓనరు అడ్వాన్సులోంచి పెయింటు ఖర్చు పట్టుకున్నాడు. అదే రెండు మేకుల రంధ్రాలయితే చిటికెడు పుట్టీతో పూడిపోయేవి.

మన వైపు అద్దె ఇళ్లలో చాలావాటికి డిస్టెంపరే ఉంటుంది. అరచేతితో గోడను గట్టిగా ఒకసారి రుద్దండి, చేతికి తెల్లపొడి అంటితే ఆ గోడ మీద ఏ టేపూ నిలవదు. నిలవకపోవడమే కాదు, పడేటప్పుడు పొడిని మోసుకుని పడుతుంది. ఎండాకాలం 44 డిగ్రీల వేడికి టేపు జిగురు కరిగి బొమ్మ మీదికి పాకుతుంది, కొన్నాళ్లకు పసుపు మరక అవుతుంది, ఇక అది పోదు. కాగితానికి ముందువైపు సెల్లోటేపు అసలే వద్దు.

దీనికి బదులు నేను వాడేది కర్టెన్ స్ప్రింగు. కిటికీ కర్టెన్లకు వేసే, పైన ప్లాస్టిక్ తొడుగున్న సన్న స్ప్రింగు తీగ, హార్డ్‌వేర్ షాపులో కొలిచి కోసిస్తారు. గోడకు రెండు చివర్లా ప్లగ్ వేసి స్క్రూ హుక్కు బిగించాలి. తీగను హుక్కుల మధ్య దూరం కంటే నాలుగైదు అంగుళాలు తక్కువగా కోయాలి, లాగి తగిలిస్తేనే బిర్రుగా నిలబడుతుంది. సరిగ్గా కొలిచి కోస్తే మధ్యలో జారుతుంది, అప్పుడు కాగితాలన్నీ నడుమకు చేరి ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. రెండు తీగలకు నాలుగు రంధ్రాలు, అంతే. ఓనరును ముందే అడగండి, నాలుగు రంధ్రాలని చెప్తే ఎక్కువమంది ఒప్పుకుంటారు.

క్లిప్పులు చిన్న చెక్కవి తీసుకోవాలి. బట్టలారేసే ప్లాస్టిక్ క్లిప్పులు బరువు, తీగను లాగేస్తాయి, పైగా బొమ్మ కంటే అవే ముందు కనిపిస్తాయి. కాగితానికి రెండు చొప్పున పెట్టాలి, ఒకటే పెడితే ఫ్యాన్ గాలికి గిర్రున తిరుగుతుంది. ఇంకో తిప్పలు మన కూలరు. అది నీళ్ల గాలి కొడుతుంది కదా, దాని ఎదురుగా ఉన్న కాగితాలు వారం తిరక్కముందే అప్పడాల్లా ముడుచుకుంటాయి. ఆ ఇంట్లో కూలరు ఎదుటి గోడ ఖాళీగా ఉన్నా అందుకే వద్దన్నాను. ఫ్యాన్ కింద వచ్చే వరసకు మాత్రం కొత్త చొక్కాల్లో వచ్చే అట్టను బొమ్మ వెనక పెట్టి రెండూ కలిపి క్లిప్పు వేశాం, ఎగరడం ఆగింది.

అపోహ: లామినేషన్ చేయిస్తే రంగులు పోవు.

లామినేషన్ నీటి నుంచి, చేతి మురికి నుంచి కాపాడుతుంది, వెలుతురు నుంచి కాదు. స్కెచ్ పెన్ రంగులు ఎండకు వెలిసిపోతాయి, పైన ప్లాస్టిక్ ఉన్నా లేకపోయినా. పడమటి కిటికీ ఎదురుగా పెట్టిన బొమ్మలో గులాబీ, ఊదా ముందు పోతాయని నా అనుభవం. తేడా తెలియాలంటే క్లిప్పు తీసి చూడండి, క్లిప్పు కింద ఉన్న చోట రంగు ముదురుగా ఉందంటే ఆ గోడకు ఎండ ఎక్కువన్నట్టే. క్రేయాన్‌తో వేసినవైతే అసలు లామినేషన్‌కే ఇవ్వకూడదు, క్రేయాన్ అంటే మైనం, వేడి రోలర్ల మధ్య కరిగి పాకుతుంది. ఆ పాప బతుకమ్మ బొమ్మ ఒకటి అట్లాగే పాడైంది, పూల వరసలన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. లామినేషన్‌ను మళ్లీ విడదీయలేం.

ఫ్రేమ్ గురించి అడుగుతారు గాని, ఏడాదికి ఒక్కో పిల్లకు ఒకటి చాలు. అద్దం బొమ్మకు తగలకుండా మధ్యలో మౌంట్ బోర్డు పెట్టమని చెప్పండి, లేకపోతే క్రేయాన్ అద్దానికి అంటుకుంటుంది.

అపోహ: చార్టులు పెద్దవి కాబట్టి వాటికి పెద్ద గోడ కావాలి.

చార్టు దాదాపు 28 అంగుళాలు, 22 అంగుళాలు ఉంటుంది. హాల్లో ఒక్క చార్టు పెడితే చాలు, పక్కనున్న ఏ4 బొమ్మలన్నీ చీటీల్లా కనిపిస్తాయి. పడకగది తలుపు వెనక ఒక మేకు, దానికి ప్యాంటు హ్యాంగరు, దాని రెండు క్లిప్పులకు చార్టు. పాప చేసిన మొక్క భాగాల చార్టు అక్కడే ఉంది, చదువుకునేటప్పుడు తలుపు వేస్తే ఎదురుగా కనిపిస్తుంది. ఒకేసారి ఒకటే.

అపోహ: ప్రాజెక్టులకు పెద్ద షెల్ఫు చేయిస్తే సమస్య తీరుతుంది.

షెల్ఫు చేయిస్తే నాకు పని దొరుకుతుంది, కాని తీరదు. ఒకటిన్నర అడుగుల లోతు షెల్ఫు చేయిస్తే ముందు వరస వెనక ఇంకో వరస పేరుకుంటుంది. పిల్లల ప్రాజెక్టులకు ఎనిమిది అంగుళాల లోతు చాలు, అందులో ఒక వరసే పడుతుంది, అదే దాని మంచితనం.

మరి రెండడుగుల సాగర్ డ్యామ్ అందులో ఎట్లా పడుతుందంటారా? ఆ మోడల్ దగ్గర కూర్చుని చూశాను. థర్మకోల్ షీటు, దాని మీద నీలిరంగు వేసిన నీళ్లు, చుట్టూ రంపపు పొట్టుతో కొండలు, ఇవే ముప్పాతిక భాగం. పాప నిజంగా కష్టపడింది గేట్ల దగ్గర, ఐస్‌క్రీమ్ పుల్లలు కోసి 26 గేట్లూ లెక్క తప్పకుండా పెట్టింది. ముందు పాపను మోడల్ పక్కన నిలబెట్టి ఫొటో తీశాం, దాంతో దాని సైజు ఎంతో ఎప్పటికీ తెలుస్తుంది. తర్వాత "ఏ ముక్క ఉంచాలి?" అని అడిగితే ఆలోచించకుండా గేట్లు చూపించింది. సన్న కట్టర్‌తో ఆ వరస మాత్రం కోసి తీశాం, 18 అంగుళాల పొడవు, మూడంగుళాల వెడల్పు. షెల్ఫులో హాయిగా కూర్చుంది. మిగిలిన షీటు పోయింది, పాప ఏడవలేదు. వాళ్లమ్మే కాసేపు సంచీ దగ్గర నిలబడింది.

ఉంచే ముందు ఒక్కో ప్రాజెక్టునూ తిప్పి చూడాలి. పప్పులు, బియ్యం అతికించినవి వర్షాకాలంలో పురుగు పడతాయి, ఆ పురుగు వంటింటి డబ్బాల దాకా పోతుంది, కాబట్టి అవి ఫొటోకే. పిండి జిగురుతో అతికించినవాటిని కాగితాలు తినే వెండిరంగు పురుగులు వెతుక్కుంటూ వస్తాయి, అతుకుల దగ్గర అంచులు గీకినట్టు పలచబడ్డాయంటే వచ్చేసినట్టే. బల్బు వెలిగే మోడల్స్‌లో సెల్లు తీసేయండి, కొన్ని నెలలకు అవి కారి తీగలను తినేస్తాయి, షెల్ఫుకు మరక పడుతుంది. పాలిపోయిన థర్మకోల్‌కు స్ప్రే పెయింట్ కొట్టి కొత్తగా చేద్దామనుకోకండి, ఆ రసాయనానికి అది గుంటలు పడి కరిగిపోతుంది.

అపోహ: దించిన బొమ్మను పారేస్తే పిల్లలు ఊరుకోరు.

దించి నేరుగా చెత్తబుట్టలో వేస్తే ఎవరూ ఊరుకోరు. వాళ్లకు దివాన్ కింద ఒక బల్లపరుపు అట్టపెట్టె పెట్టాం, ఇద్దరికీ కలిపి. దించిన బొమ్మ వెనక పెన్సిల్‌తో పేరు, తేదీ రాసి అందులో వేయాలి. స్కెచ్‌తో రాస్తే ముందుకు దిగుతుంది. చుట్టి పెట్టకూడదు, క్రేయాన్ రాలుతుంది. పెట్టె నిండినప్పుడు ఎవరివి వాళ్లే ఏరుకుంటారు, పెద్దవాళ్లు చేయి పెట్టకూడదు.

నెల తర్వాత హుక్కులు వదులయ్యాయేమో చూద్దామని వెళ్లాను. పై తీగ బాగానే ఉంది. కింది తీగ మీద ఐదు ఉండాల్సిన చోట నాలుగే బొమ్మలు, మధ్యలో రెండు ఖాళీ క్లిప్పులు. ఏంరా అంటే, పిల్లలమర్రి చూడడానికి పాలమూరు పోతున్నారట ఆదివారం, చెట్టు గీసి అక్కడ పెడతాడట, అందాక దాన్ని ఎవరూ ముట్టొద్దన్నాడు.