పెత్తనం ఏ కంటిది?

2024 పారిస్ ఒలింపిక్స్‌లో టర్కీ షూటర్ యూసుఫ్ డికెచ్ ఫొటో గుర్తుందా? మామూలు టీషర్టు, రోజూ పెట్టుకునే కళ్ళజోడు, ఎడమ చెయ్యి జేబులో, రెండు కళ్ళూ తెరిచే ఉన్నాయి. పక్కనున్న వాళ్ళేమో ఒక కంటికి లెన్సు, ఇంకో కంటికి అడ్డు తగిలించుకుని కంసాలి పనికి కూర్చున్నట్టు కనిపించారు. 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ మిక్స్‌డ్ టీమ్‌లో ఆయన జట్టుకు రజతం వచ్చింది. దాంతో మనవాళ్ళు వాట్సాప్‌లో "ఇవేమీ అక్కర్లేదన్నమాట" అని తేల్చేశారు. జేబులో చెయ్యి కూడా స్టైల్ కోసం కాదు, ఖాళీ చెయ్యి ఊగితే ఒళ్ళు ఊగుతుంది కాబట్టి పిస్టల్ షూటర్లు దాదాపు అందరూ దాన్ని ఎక్కడో ఒకచోట కట్టిపడేస్తారు. కళ్ళ సంగతి మాత్రం కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే కొత్తగా పిస్టల్ పట్టుకున్నవాళ్ళు మొదట తడబడేది అక్కడే.

ముందు ఒక పని చెయ్యండి. గోడ మీద గడియారాన్ని చూస్తూ, దాని మీదకి వచ్చేలా చూపుడు వేలు ఎత్తండి. చూపు గడియారం మీదే ఉంచితే వేళ్ళు రెండు కనిపిస్తాయి, పొగలో ఉన్నట్టు పలచగా. రెండు కళ్ళ మధ్య ఆరు సెంటీమీటర్లకు పైగా దూరం ఉంది, ఒక్కోటి ఒక్కో వైపు నుంచి చూస్తోంది, అందుకే ఈ రెండు వేళ్ళు. రోజంతా ఇలాగే జరుగుతున్నా మెదడు సర్దేసుకుంటుంది, మనం పట్టించుకోం. కానీ గురి పెట్టాల్సి వచ్చినప్పుడు రెండింట్లో ఒకదాని మాటే వినాలి. మనకి తెలియకుండానే మెదడు ఎక్కువసార్లు ఏ కంటి మాట వింటుందో అదే డామినెంట్ ఐ, అంటే పెత్తనం చేసే కన్ను. చూపు బాగున్న కన్నే పెత్తనం చెయ్యాలని లేదు, కుడిచేతి వాళ్ళకి కుడి కన్నే అవ్వాలని కూడా లేదు. మూడింట రెండు వంతుల మందికి కుడి కన్ను, మిగతావాళ్ళలో చాలామందికి ఎడమ కన్ను, కొద్దిమందికి ఎటూ తేలదు.

తెలుసుకోవడం తేలిక. రెండు అరచేతులూ ముందుకు చాచి, బొటనవేళ్ళ దగ్గర ఒకదాని మీద ఒకటి వేసి మధ్యలో రూపాయి బిళ్ళంత సందు వదలండి. మూడు మీటర్ల దూరంలో ఇంట్లోవాళ్ళని ఎవరినైనా నిలబెట్టి, రెండు కళ్ళూ తెరిచే ఆ సందులోంచి వాళ్ళ ముక్కు చూడండి. ఇప్పుడు మీరు ఏ కన్నూ మూయక్కర్లేదు. సందులోంచి మీ ఏ కన్ను కనిపిస్తోందో ఎదుటి మనిషే చెప్తారు. ఒంటరిగా చేసేటప్పుడు ఒక్కో కన్నూ మూసి చూసుకోవాలి, కానీ చాలామందికి ఒక కన్ను మూస్తే రెండోది కూడా సగం మూసుకుపోతుంది, అదీకాక ఏ కన్ను అయితే బాగుంటుందో ముందే అనుకుని చేతులు అటు జరిపేస్తాం. ఎదుటి మనిషి చెప్తే ఆ మోసం ఉండదు. ఒక్క చేత్తో చెయ్యకండి, ఆ చెయ్యి ఉన్న వైపే మొగ్గుతుంది. ముఖం కూడా నేరుగా ఉండాలి, బాగా పక్కకి చూస్తూ చేస్తే జవాబే మారిపోవచ్చు. చేతులు దించి మళ్ళీ ఎత్తుతూ ఐదారుసార్లు చెయ్యండి. ప్రతిసారీ ఒకే కన్ను వస్తే తేలినట్టే. మూడు ఇటు మూడు అటు వస్తే మీ పెత్తనం బలహీనమని, కంటికి అడ్డు పెట్టుకోవడమే మీకు మంచిదని అర్థం. (ఈ పరీక్ష చేతులతోనే. పిస్టల్‌తో మనుషుల వైపు చూడటం అనేది ఖాళీదైనా సరే, సరదాకైనా సరే, లేదు.)

మా మేనకోడలు షూటింగ్ రేంజ్‌లో చేరిన మొదటి వారం సంగతి చెప్తాను. కుడిచేతి వాటం. పది పెల్లెట్లు కాలిస్తే ఒక్కోదానికి పదికి 5, 7, 6, 9, మళ్ళీ 5, ఇలా టార్గెట్ అంతా చల్లేసింది. "చెయ్యి వణుకుతోంది మామయ్యా" అంది. వణుకు అందరికీ ఉంటుంది. పిస్టల్ ఎత్తగానే కళ్ళు రెండుమూడుసార్లు ఆర్పడం, తల అటూ ఇటూ జరపడం చూసి కోచ్ ఈ పరీక్షే చేయించాడు. ఆరుకి ఆరుసార్లూ ఎడమ కన్ను. అంటే పిస్టల్ కుడి కంటి ముందుకి వస్తుంటే మెదడు ఎడమ కంటి మాట వింటోంది, ఆ పిల్లకి పిస్టల్ కొస రెండుగా కనిపిస్తోంది, ఏది అసలుదో ప్రతిసారీ వెతుక్కుంటోంది.

పిస్టల్‌కి మీరు ఏ కంటితో చూస్తున్నారో తెలియదు. సైట్లు, అంటే పిస్టల్ మీద గురి చూసుకునే గుర్తులు, టార్గెట్‌తో ఒక గీతలో ఉంటే చాలు. అందుకే పిస్టల్‌లో చెయ్యి ఒక వైపు, కన్ను ఇంకో వైపు అవ్వడం పెద్ద సమస్య కాదు, రైఫిల్‌లో అయితే చెంపని తుపాకీ వెనక కర్రకి ఆనించాలి కాబట్టి భుజం మార్చడమో, పెత్తనం చేసే కంటికి అడ్డు కట్టడమో చెయ్యాలి. మా పిల్లకి కోచ్ ముఖం కొద్దిగా కుడికి తిప్పించి పిస్టల్ ఎడమ కంటి ముందుకి వచ్చేలా నిలబెట్టాడు, కుడి కంటి ముందు కళ్ళద్దానికి ఆసుపత్రిలో గాయాలకి వేసే తెల్ల పేపర్ టేపు అంటించాడు. నల్లది కాకుండా తెల్లది ఎందుకంటే, ఒక కంటికి చీకటి చేస్తే రెండో కంటి పాప కూడా కొంచెం పెద్దదవుతుంది, పాప పెద్దదైతే దగ్గరవీ దూరానివీ కలిపి తేటగా చూడగలిగే శక్తి తగ్గుతుంది. కన్ను గట్టిగా మూస్తే అదీ జరుగుతుంది, పైగా ముఖ కండరాలు బిగుసుకుని నిమిషంలో అలసట వస్తుంది. ఒలింపిక్ షూటర్ల తలకట్టుకి వేలాడే ఆ చిన్న అడ్డు పని ఇంతే, నిబంధనల ప్రకారం దాని వెడల్పు 30 మిల్లీమీటర్లు దాటకూడదు. డికెచ్ లాంటివాళ్ళకి ఏళ్ళ సాధన వల్ల మెదడే ఆ అడ్డు వేసేసుకుంటుంది. కొత్తవాళ్ళకి టేపే దిక్కు.

ఇప్పుడు అసలు గురి. ఎయిర్ పిస్టల్‌కి లెన్సులూ దుర్భిణులూ ఉండవు. మీ వైపు చివర చదరపు గాడి ఉన్న చిన్న పలక, అది రియర్ సైట్. కొస దగ్గర నిలువుగా ఒక దిమ్మ, అది ఫ్రంట్ సైట్, పోస్ట్ అంటారు. గాడిలోంచి చూస్తే పోస్ట్ పై అంచు, గాడి పై అంచులు ఒకే మట్టంలో ఉండాలి, పోస్ట్‌కి రెండు పక్కలా కనిపించే వెలుగు సమానంగా ఉండాలి. తర్వాత ఈ మొత్తాన్ని టార్గెట్ మీది నల్ల గుండ్రం కిందకి తీసుకెళ్ళాలి. అలా కనిపించే మొత్తం బొమ్మే సైట్ పిక్చర్.

చిక్కేమిటంటే ఇందులో మూడు వస్తువులు మూడు దూరాల్లో ఉన్నాయి. గాడి కంటికి అరవై డెబ్భై సెంటీమీటర్లు, పోస్ట్ దాదాపు మీటరు, టార్గెట్ పది మీటర్లు. కన్ను ఒకసారి ఒక్క దూరానికే తేటపడుతుంది. మరి దేన్ని తేటగా చూడాలి? ఎవరైనా టార్గెట్‌నే అంటారు, కొట్టాల్సింది దాన్నే కదా. మా పిల్ల కూడా టేపు వేశాక సంబరంగా "ఇప్పుడు నల్ల గుండ్రం భలే స్పష్టంగా కనిపిస్తోంది" అంది. ఆ పూట స్కోరు పెద్దగా మారలేదు.

లెక్క వేస్తే కారణం తెలుస్తుంది. గాడికీ పోస్ట్‌కీ మధ్య దూరం 320 మిల్లీమీటర్లు అనుకుందాం, ఎయిర్ పిస్టళ్ళలో ఇంచుమించు అంతే ఉంటుంది. పది మీటర్లంటే 10,000 మిల్లీమీటర్లు. అంటే గాడిలో పోస్ట్ ఎంత పక్కకి జరిగితే, టార్గెట్ మీద పెల్లెట్ దానికి 31 రెట్లు పక్కకి పోతుంది. పది పాయింట్ల వలయం వ్యాసం 11.5 మిల్లీమీటర్లు, బయటికి ఒక్కో వలయానికీ అంచు 8 మిల్లీమీటర్లు దూరం జరుగుతుంది. పోస్ట్ అర మిల్లీమీటరు తప్పితే దెబ్బ 15 మిల్లీమీటర్లకు పైగా తప్పి, అంచుకి తగిలి 9 వస్తుంది. ఒక మిల్లీమీటరు తప్పితే 31 మిల్లీమీటర్లు, అంటే 7. అదే సైట్లు సరిగ్గా కుదిరి, చెయ్యి మొత్తంగా 5 మిల్లీమీటర్లు పక్కకి ఊగిందనుకోండి, దెబ్బ కూడా 5 మిల్లీమీటర్లే తప్పుతుంది, అదింకా 10 లోపలే. కాబట్టి కంటికి కనపడి భయపెట్టే ఊగులాట కన్నా, కంటికి ఆనని ఆ గాడిలో తేడాయే ఎక్కువ నష్టం చేస్తుంది. మరి ఆ తేడా ఆనాలంటే పోస్ట్ అంచు కత్తితో గీసినట్టు కనిపించాలి, గాడి కొంచెం మసక, టార్గెట్ బాగా మసక. నల్ల గుండ్రం బూడిదరంగు మబ్బులా కనిపిస్తుంటే సరిగ్గా చూస్తున్నట్టే. నలభై ఐదు దాటినవాళ్ళకి మీటరు దూరంలో పోస్ట్ తేటపడకపోతే అది సాధన లోపం కాదు, కళ్ళ డాక్టర్‌కి ఆ దూరం చెప్పి దానికి తగ్గ అద్దం రాయించుకోవాలి.

మసక టార్గెట్‌తో గురి ఎలా అని మా పిల్ల కూడా అడిగింది. అందుకే గురి నల్ల గుండ్రం నడిబొడ్డున పెట్టం. నలుపు మీద నల్ల పోస్ట్ పెడితే అంచు కనిపించదు. గుండ్రానికి కింద, తెల్ల కాగితం మీద పోస్ట్‌ని నిలబెట్టి, మధ్యలో తెల్ల ఖాళీ వదిలి, పెల్లెట్ మాత్రం నడిమధ్యలో పడేలా రియర్ సైట్ మరలు తిప్పి సరిచేస్తారు. ఆ ఖాళీ మరీ సన్నగా, దారంలా పెట్టుకోవద్దు. సన్నగా ఉంటే దాన్ని కొలవాలన్న చాదస్తంతో చూపు మళ్ళీ టార్గెట్ మీదకి పారిపోతుంది. వెడల్పుగా ఉంటే ఆ చోట కాస్త ఊగినా ఫర్వాలేదనిపిస్తుంది, నిజంగా ఫర్వాలేదు కూడా.

ఎంతసేపు చూడాలన్నదీ ముఖ్యమే. ఒకే బొమ్మని ఏడెనిమిది సెకన్లకు మించి కదలకుండా చూస్తే కన్ను కొత్తది చూడటం మానేస్తుంది, పోస్ట్ జరిగినా ఇందాకటి చక్కటి బొమ్మే ఇంకా ఉందనిపిస్తుంది. ఆలోపు ట్రిగ్గర్ పడకపోతే చెయ్యి దించెయ్యాలి. కొత్తవాళ్ళు దించరు, ఎత్తినందుకు కాల్చేద్దామనుకుంటారు, 5లు 6లు ఎక్కువగా అక్కడే వస్తాయి.

తర్వాత రెండు వారాలు కోచ్ ఆమెకి టార్గెట్ ఇవ్వలేదు. ఖాళీ తెల్ల కాగితం తగిలించి, పోస్ట్‌నే చూస్తూ కాల్చమన్నాడు, ఎక్కడ పడిందో చూడొద్దన్నాడు. విసుగు పనే, రోజూ సణిగింది. మూడో వారం టార్గెట్ తిరిగొచ్చాక కొత్త నియమం పెట్టాడు: పెల్లెట్ వెళ్ళాక కూడా ఒక క్షణం పోస్ట్ మీదే చూపు ఉంచాలి, అది ఆ క్షణంలో గాడిలో ఎక్కడుందో పైకి చెప్పాలి, ఆ తర్వాతే కాగితం చూడాలి. మొదటి దెబ్బకి "ఏమో, తెలీలేదు" అంది. 6 వచ్చింది. నాలుగో దానికి "కుడివైపు వెలుగు సన్నబడిపోయింది మామయ్యా, కుడికి 8 వస్తుంది" అంది. కాగితం దగ్గరికి తెప్పించి చూశాం, కుడి పక్కన 8.