కీ తెగలేదు, అయినా స్ప్రాకెట్ వదులైంది: ప్యారలల్ కీ లెక్కలో అపోహలు - వాస్తవాలు

బెంగళూరు పీన్యాలో కన్వేయర్లు, గేర్‌బాక్సులు కట్టే షెడ్లలో మన తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. షాఫ్ట్ సైజు ఎందుకు అంత పెట్టారని అడిగితే లెక్క చూపిస్తారు. షాఫ్ట్, హబ్ గాడుల్లో కూర్చుని తిప్పే బలాన్ని ఒకదాన్నుంచి ఇంకోదానికి చేర్చే కీ దగ్గరికొచ్చేసరికి మాత్రం "టేబుల్ చూసి వేసేయ్" అన్నదే మాట. టేబుల్ ఇచ్చేది కీ వెడల్పు, ఎత్తు మాత్రమే. పొడవు మనమే తేల్చుకోవాలి. దెబ్బ తగిలేదీ అక్కడే. అందుకే ఒక్క ఉదాహరణ పట్టుకుని చివరిదాకా వెళ్దాం.

7.5 కిలోవాట్ల మోటారు, 1440 ఆర్‌పీఎం. దాని తర్వాత 15:1 గేర్‌బాక్సు, అంటే బయటి షాఫ్ట్ 96 ఆర్‌పీఎంతో తిరుగుతుంది. షాఫ్ట్ 50 మి.మీ. దాని మీద చైన్ స్ప్రాకెట్, హబ్ పొడవు 60. టేబుల్ ప్రకారం కీ 14×9. గుండ్రటి కొసలున్న 56 మి.మీ. కీ వేశారు. షాఫ్టూ, కీ, హబ్బూ మూడూ సీ45 స్టీలు, యీల్డ్ సుమారు 360 ఎంపీఏ. స్టార్టింగ్ కుదుపుల కోసం లోడును ఒకటిన్నర రెట్లు చేశాం.

```
T = 9550 × 7.5 / 96 = 746 N·m
F = 1.5 × 2T / d = 1.5 × 2 × 746 / 0.050 ≈ 44.8 kN
```

ఈ 44.8 కిలోన్యూటన్ల బలం కీని షాఫ్ట్ ఉపరితలం దగ్గర అడ్డంగా కోసేయాలని చూస్తుంది. అదే బలం కీ పక్క గోడను హబ్ గాడి గోడకేసి నొక్కుతుంది. మొదటిది షియర్, రెండోది క్రషింగ్, అంటే నలగడం.

అపోహ: కీ షియర్‌లో నిలిస్తే చాలు.

షియర్ చూద్దాం. 44,800ను 14×56తో భాగిస్తే 57 ఎంపీఏ. యీల్డ్‌లో 0.577 వంతు తీసుకుని దాన్ని రెండుతో భాగిస్తే 104 దాకా ఒప్పుకోవచ్చు. కాబట్టి హాయిగా పాసు. పాఠ్యపుస్తకం పద్ధతిలో క్రషింగ్ కూడా చూస్తే, కీ ఎత్తులో సగం 4.5, పొడవు 56: 178 ఎంపీఏ వస్తుంది. 360లో సగం 180 కదా, అదీ పాసే. డ్రాయింగ్ మీద సంతకం పడిపోతుంది.

ఇప్పుడు ఆ కీ నిజంగా ఎంత మేర ఆనుతుందో చూడండి. 14×9 కీకి షాఫ్ట్‌లో గాడి లోతు 5.5 మి.మీ. అంటే షాఫ్ట్ పైకి కనిపించేది 3.5 మాత్రమే, 4.5 కాదు. హబ్ ఆనేది ఆ 3.5 మీదే. పొడవులోనూ కోత ఉంది. గుండ్రటి కొసల దగ్గర పక్క గోడ తిన్నగా ఉండదు, రెండు కొసలూ కలిపి కీ వెడల్పంత పోతుంది. 56లోంచి 14 తీసేస్తే 42 మిగులుతుంది.

```
p = F / ((h - t1) × (L - b))
  = 44800 / (3.5 × 42) ≈ 305 MPa
```

అనుమతి 180, వస్తున్నది 305. కీ పై అంచుకు తీసిన చాంఫర్‌ను కూడా లెక్కలోకి తీసుకుంటే ఇంకా పెరుగుతుంది. ఇదే 42 పొడవుతో షియర్ 76 దగ్గరే ఆగుతుంది, ఇంకా పాసే. ఈ కీ ఎన్నడూ తెగదు, మెల్లగా నలుగుతుంది. సగం ఎత్తు అన్న సూత్రం చేతిలెక్కకు వాడే సులువు మాత్రమే. హబ్ వైపు అసలు ఎత్తు ఎంతో అదే టేబుల్లో పక్క కాలమ్‌లో ఉంటుంది, ఒక్క తీసివేత చాలు.

విప్పి చూస్తే ఇది కళ్లకే తెలుస్తుంది. హబ్‌ను తోసిన వైపు కీ గోడ మీద, పై అంచు కింద సన్నటి మెరుపు పట్టీ ఉంటుంది, మూడు మి.మీ.కు కాస్త అటూ ఇటూ. హబ్ ఆనిన చోటు అదే. రెండో వైపు గోడ మీద షాఫ్ట్ గాడి ఆనిన పట్టీ కింది సగంలో కనబడుతుంది. పట్టీ అంచున గోరు పెట్టి లాగండి. మెట్టు తగిలిందంటే నలగడం మొదలైనట్టే. తెగిన కీ అయితే షాఫ్ట్ ఉపరితలం దగ్గర అడ్డంగా కోసినట్టు రెండు ముక్కలవుతుంది, దాన్ని దీంతో పొరబడే వీల్లేదు.

అపోహ: గట్టి కీ వేస్తే సమస్య తీరుతుంది.

ఈఎన్24తో కీ చేసి హార్డెన్ చేస్తే షియర్ బలం పెరుగుతుంది, నిజమే. కానీ క్రషింగ్‌లో ఆనుకునేవి రెండు గోడలు. వాటిలో మెత్తనిదే నలుగుతుంది. కీ గట్టిపడితే హబ్ గాడి నలుగుతుంది. కొన్ని వందల రూపాయల కీని కాపాడి వేల రూపాయల స్ప్రాకెట్‌ను పాడుచేసుకున్నట్టు. క్రషింగ్ అనుమతిని షాఫ్ట్, కీ, హబ్ మూడింటిలో బలహీనమైనదాన్ని బట్టే తీసుకోండి. హబ్ 250 యీల్డ్ ఉన్న మైల్డ్ స్టీలైతే 180 బదులు 125తోనే లెక్కించాలి.

అపోహ: చాలకపోతే కీ పొడవు పెంచుకుంటూ పోవచ్చు.

మన ఉదాహరణలో 180కి దిగాలంటే తిన్నటి పొడవు 71 మి.మీ. కావాలి. గుండ్రటి కొసలతో అది 85, దొరికే సైజు 90. హబ్ చూస్తే 60. హబ్‌ను పొడిగించినా పొడవుకు ఒక హద్దుంది. టార్క్ లోపలికి వచ్చే వైపు షాఫ్ట్ ముందు మెలి తిరుగుతుంది కాబట్టి కీలో ఆ కొస ఎక్కువ మోస్తుంది, అవతలి కొస దాదాపు ఊరికే కూర్చుంటుంది. అందుకే డిన్ 6892 లోడు మోసే పొడవును షాఫ్ట్ వ్యాసానికి 1.3 రెట్ల దగ్గర ఆపుతుంది. 50కి అది 65. మనకు కావలసింది 71.

రెండో కీ వేస్తే? రెండూ సరిసమానంగా ఆనేలా గాడులు కొట్టడం కష్టం. ఒక్కో కీ ముప్పాతిక వంతు మోస్తుందని పట్టుకుంటే రెండూ కలిసి ఒకటిన్నర కీ పని చేస్తాయి. పైగా షాఫ్ట్‌లో రెండో గాడి కూడా పడుతుంది.

దీనికన్నా మంచి దారి షాఫ్ట్ వ్యాసం. 55 చేస్తే బలం 40.7 కిలోన్యూటన్లకు తగ్గుతుంది, కీ 16×10 అవుతుంది, హబ్ వైపు ఎత్తు 4 మి.మీ. దొరుకుతుంది. ఇప్పుడు కావలసిన తిన్నటి పొడవు 57 మి.మీ. మాత్రమే. చదును కొసల 63 మి.మీ. కీ చాలు, హబ్‌ను కొద్దిగా పెంచితే ఇమిడిపోతుంది. గమనించండి, మెలికకు 50 షాఫ్ట్ సరిపోయింది, దానిలో ఒత్తిడి 46 ఎంపీఏ దగ్గరే ఉంది. షాఫ్ట్ తట్టుకుంటే కీ కూడా తట్టుకుంటుందని అనుకోవడం అందుకే ప్రమాదం.

అపోహ: కీ పైనా బిగుతుగా ఉండాలి.

అది టేపర్ కీ సంగతి. ప్యారలల్ కీ పక్క గోడలతోనే పని చేస్తుంది. 14×9కి షాఫ్ట్ గాడి 5.5, హబ్ గాడి 3.8, మొత్తం 9.3. పైన 0.3 ఖాళీ కావాలనే వదిలారు. ఎత్తుగా ఉన్న కీని ఆకురాయితో రాసి సుత్తితో దిగగొడితే హబ్ ఒక పక్కకు జరిగి స్ప్రాకెట్ ఊగుతుంది. బిగుతు కావలసింది పక్కల్లో. మామూలు లోడుకు గాడి వెడల్పు టాలరెన్సు షాఫ్ట్‌లో N9, హబ్‌లో JS9 సరిపోతాయి. దిశ మారుతూ తిరిగే లోడైతే రెండూ P9 పెట్టండి. లేకపోతే కీ ప్రతిసారీ అటూ ఇటూ దొర్లి గాడి అంచులను తినేస్తుంది, హబ్ పక్కన ఎర్రటి పొడి రాలుతుంది.

అపోహ: స్ప్లైన్ అంటే ఖరీదైన కీ, ఎప్పుడు వేసినా మేలే.

స్ప్లైన్‌లో కీ బదులు షాఫ్ట్ మీదే చుట్టూ పళ్లు కోసి ఉంటాయి. అదే టార్క్‌కు 8×46×50 స్ప్లైన్ తీసుకోండి. ఎనిమిది పళ్లు, పంటి ఎత్తు 2 మి.మీ., చాంఫర్లు పోగా 1.5. పొడవు 50 అనుకుందాం. పళ్లన్నీ సమంగా ఆనవు కాబట్టి ముప్పాతిక వంతే లెక్కిస్తే 104 ఎంపీఏ వస్తుంది. కీకి 305 వచ్చిన 50 మి.మీ. షాఫ్ట్ మీదే ఇది.

అయినా ఒకే దిశలో నిదానంగా తిరిగే స్ప్రాకెట్‌కు 55 షాఫ్ట్, కీ చాలు. స్ప్లైన్ కావలసింది, తిన్నటి పొడవు 1.3 రెట్లు దాటి షాఫ్ట్ పెంచే చోటు లేనప్పుడు. మాటిమాటికీ దిశ మారి టార్క్ పెద్దదిగా ఉన్నప్పుడు. గేర్‌బాక్సులో గేరు షాఫ్ట్ మీద పక్కకు జరగాల్సినప్పుడు. ఈ చివరిదానిలో, లోడు మీద జరుగుతుంటే 180 లాంటి అంకెలు చెల్లవు. రాపిడిలో నూనె పొర తెగిపోతుంది కాబట్టి ఒత్తిడిని దానిలో కొద్ది భాగానికే ఉంచి, పళ్లను హార్డెన్ చేసి, నూనె అందేలా చూడాలి.

ఇంకో మాట, ఇది ఖర్చు గురించి. హబ్‌లో స్ప్లైన్ బ్రోచింగ్‌తో తీయాలంటే ఒక్కో సైజుకు ఒక్కో బ్రోచ్ కావాలి. డ్రాయింగ్ ఖాయం చేసేముందే బ్రోచింగ్ షాపుకు ఫోన్ చేసి వాళ్ల దగ్గర ఏ సైజులున్నాయో అడగండి, వాటిలోంచే ఎంచుకోండి. లేదంటే నాలుగు హబ్‌ల కోసం కొత్త బ్రోచ్ కొనాల్సి వస్తుంది.