పేర్ల వేటలో పదజాబితాలు: అపోహలు - వాస్తవాలు

కొత్త ఉత్పత్తులకు పేర్లు పెట్టడం నా వృత్తి. అడిగినవారి ముందు చివరికి ఐదారు పేర్లే పెడతాను. వాటి వెనుక రెండు మూడు వందల ముడి పేర్లు ఉంటాయి. అన్ని పేర్లు ఎలా పుడతాయన్న దగ్గరే అపోహలు ఎక్కువ.

అపోహ: పదజాబితా అంటే పర్యాయపదాలు పోగేయడం.

మందులు వేళకు వేసుకోమని గుర్తుచేసే యాప్‌కు పేరు కావాలనుకుందాం. పర్యాయపదాలు వెతికితే మందు, మాత్ర, ఔషధం, ఆరోగ్యం దగ్గర ఆగిపోతాం. ఆ మాటలు అందరికీ తడతాయి కాబట్టి పోటీ యాప్‌ల పేర్లూ అలాగే ఉంటాయి. పైగా సరుకు ఏమిటో నేరుగా చెప్పే మాటకు ట్రేడ్‌మార్క్ రక్షణ దొరకడం కష్టం.

అందుకే మందును పక్కన పెట్టి, ఈ యాప్ చేసే పనిని లోకంలో ఇంకేవి చేస్తాయని అడుగుతాను. ఒక్కో జవాబూ ఒక థీమ్ అవుతుంది. కాలానికి సంబంధించి వేళ, పూట, జాము, గడియ. పిలిచి లేపేవాటిలో గంట, కోడి, శంఖం. జ్ఞాపకానికి గుర్తు, తలపు, మరిచిపోకుండా వేసుకునే ముడి. వెంట ఉండేవాటిలో తోడు, నీడ, జంట. తప్పకుండా తిరిగి వచ్చేవాటిలో అల, లయ, తాళం. ఆరో థీమ్‌గా, మనుషులు ఒకరినొకరు హెచ్చరించుకునే మాటలు.

ఒక్కో థీమ్‌కు ఎనిమిది నిమిషాలు టైమర్ పెట్టి ఇరవై మాటలు రాస్తాను. ఈ దశలో పేరు గురించి ఆలోచించను, మాటలు మాత్రమే. ముందు రాసిన మాటలకే కొత్త రూపాలు వస్తున్నాయంటే ఆ థీమ్ అయిపోయినట్టు. అప్పుడు వేరేదానికి వెళ్లాలి.

తర్వాత రెండు థీమ్‌ల మాటలను ఎదురెదురుగా రాసి జతలు కడతాను. ఇరవైకి ఇరవై అంటే నాలుగు వందల జతలు. పైకి చదువుకుంటూ పోతే చాలావరకు పనికిరావు. పదిలో ఒకటి నిలిచినా నలభై పేర్లు వచ్చినట్టే. పూటతోడు, గడియనీడ, తలపుగంట అలా వచ్చినవే. ఇక ఒంటి మాటలు, కత్తిరించిన మాటలు, వాక్యంలోంచి తీసినవి వేరు. నాకు ఎక్కువ ఇష్టమైనవి ఈ చివరి రకమే. ‘వేళైంది’ చూడండి, అది ఎవరో మనల్ని పిలిచినట్టు ఉంటుంది. హెచ్చరించుకునే మాటలనే థీమ్ పెట్టకపోతే అది దొరికేది కాదు.

అపోహ: ఎక్కువమంది ఒక గదిలో కూర్చుంటే ఎక్కువ పేర్లు వస్తాయి.

1958లో యేల్ విశ్వవిద్యాలయంలో దీన్ని పరీక్షించారు. విడివిడిగా పనిచేసిన నలుగురి ఆలోచనలను కలిపి చూస్తే, కలిసి కూర్చున్న నలుగురి కన్నా ఎక్కువ వచ్చాయి. గుంపులో ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు ఆగాలి, ఆలోపు తట్టింది జారిపోతుంది. కాబట్టి థీమ్‌లు మాత్రం కలిసి ఎంచుకుని, జాబితాలు ఎవరికి వారే రాసుకోవాలి.

అపోహ: బాగోలేనిదాన్ని అప్పటికప్పుడే కొట్టేస్తే సమయం మిగులుతుంది.

‘ముడి’ని తీసుకోండి. కష్టం, చిక్కు అన్న అర్థాలు కూడా ఉన్నాయి కాబట్టి వెంటనే కొట్టేయాలనిపిస్తుంది. ఉంచితే దాని పక్కన గుర్తుముడి వస్తుంది, అక్కడినుంచి గుర్తుంచుకో, గుర్తుందా వరకు వెళ్లొచ్చు. చెడ్డ మాట చాలాసార్లు తర్వాతి మాటకు మెట్టు. అందుకే రాసే రోజు, ఏరే రోజు వేరుగా ఉంచుతాను.

అపోహ: మూడు వందలు దాటితే జాబితా పూర్తయినట్టే.

అంకెను నమ్మకండి. ప్రతి పేరు పక్కన అది ఏ థీమ్‌లోదో రాయండి. మూడు వందల్లో రెండు వందలు కాలం మీదే ఉంటే మీ దగ్గర నిజంగా ఉన్నది ఒక్క ఆలోచనే. ఏ థీమ్ బక్కగా ఉందో చూసి దానికి ఇంకో ఎనిమిది నిమిషాలు ఇవ్వండి.

ఏరడం మొదలుపెట్టాక ముందుగా పైకి చదవండి, నోరు తడబడితే తీసేయండి. తర్వాత ఇంగ్లీషు అక్షరాల్లో రాసి చూడండి, యాప్ కోసం వెతికేవాళ్లు చాలామంది అలాగే టైప్ చేస్తారు. ‘వేళ’, ‘వేల’ రెండూ vela అయిపోతాయి. ‘తలపు’కు, ‘తలుపు’కు ఒక్క అక్షరమే తేడా. ఈ రెండు జల్లెడల్లోనే జాబితా బాగా తగ్గుతుంది. ట్రేడ్‌మార్క్, డొమైన్ వెతకడం చివర మిగిలే పదిహేను ఇరవై పేర్లకు చాలు. అందులో సగం అప్పటికే ఎవరో తీసుకుని ఉన్నా, చూపించడానికి ఐదారు మిగులుతాయి.